టీషర్టు మీది పరభాష: అక్షరం నుంచి అర్థం దాకా

సూపర్‌డ్రై అనే బ్రిటిష్ దుస్తుల బ్రాండు టీషర్టుల మీద ఇంగ్లీషు పేరుకు తోడుగా ఒక జపనీస్ వరుస కనిపిస్తుంటుంది: 極度乾燥(しなさい). జూలియన్ డంకర్టన్, జేమ్స్ హోల్డర్ అనే ఇద్దరు టోక్యో వెళ్లి అక్కడి దుకాణాల్లో సరుకుల మీది అక్షరాల సొగసు చూసి ముచ్చటపడ్డారు. 2003లో చెల్టెన్‌హామ్ అనే ఇంగ్లండు పట్టణంలో ఈ బ్రాండు మొదలైంది. 2012 నుంచి మన దేశంలోనూ అమ్ముడవుతోంది. ఈ టీషర్టు వేసుకుని దిగిన ఫొటోలు కోకొల్లలు. ఆ అక్షరాలకు అర్థం ఏమిటంటే మాత్రం వేసుకున్నవాళ్లలో చాలామంది "సూపర్‌డ్రై అనే జపనీస్‌లో రాసి ఉంటుంది" అనేస్తారు.

జపాన్‌వాళ్లు ఆ వరుసను అలా చదవరు. "విపరీతముగా ఆరబెట్టుట (చేయుము)" అని ఒక చొక్కా మీద తెలుగులో అచ్చేస్తే మనకు ఎలా ఉంటుందో, వాళ్లకు అది దాదాపు అలా ఉంటుంది. అక్షరదోషం ఒక్కటీ లేదు. పదాలన్నీ నిఘంటువులో ఉన్నవే. అయినా ఆ మాటను అలా ఏ జపనీయుడూ రాయడు. ఫొటోలో కనిపించే పరభాషను ఎలా పరీక్షించాలో నేర్చుకోవడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు కనబడలేదు. నిఘంటువుతో తేలేది ఎంత, తేలనిది ఎంత అన్నది ఈ ఎనిమిది అక్షరాల్లోనే పూర్తిగా తెలిసిపోతుంది.

ముందు ఫొటో తిన్నగా ఉందా?

అర్థం వెతకడానికి ముందు చూడాల్సింది ఫొటో దిశ. అద్దంలో తీసుకున్న సెల్ఫీలో అక్షరాలు ఎడమ కుడిగా, కుడి ఎడమగా తిరగబడతాయి. ఫోన్ ముందు కెమెరాతో తీసినప్పుడు కూడా సెట్టింగును బట్టి అలా తిరగబడిన ఫొటోయే సేవ్ కావచ్చు. తెలుగో ఇంగ్లీషో అయితే తిరగబడ్డ సంగతి మన కంటికి వెంటనే తెలిసిపోతుంది. తెలియని లిపిలో తెలియదు. అందుకే అదే ఫొటోలో మనకు తెలిసిన అక్షరాలు ఎక్కడైనా ఉన్నాయేమో వెతకాలి. టీషర్టు మీద ఇంగ్లీషు పేరు, వెనక గోడ మీది క్యాలెండరు, చేతి గడియారంలో అంకెలు, ఏదో ఒకటి సాక్ష్యం చెబుతుంది.

అలాంటిదేమీ లేకపోతే అక్షరాలనే అడగాలి. మన వరుసలో కుండలీకరణాల మధ్య ఉన్న నాలుగు అక్షరాలు చూడండి: し, な, さ, い. వీటిని షి, న, స, ఇ అని పలుకుతారు. మొదటిది పై నుంచి కిందికి దిగి కుడివైపుకు లేచే కొక్కెం. తిరగబడిన ఫొటోలో అది ఎడమవైపుకు లేస్తుంది, ఇంగ్లీషు జే అక్షరంలా కనబడుతుంది. జపనీస్ లిపిలో అలాంటి అక్షరం లేదు కాబట్టి ఫొటో తిరగబడిందని అక్కడే తేలిపోతుంది. మూడో అక్షరం さ మాత్రం మోసం చేస్తుంది. దాన్ని అద్దంలో చూస్తే దాదాపు ち లాగే ఉంటుంది, అది చి అని పలికే వేరే అక్షరం. కొత్తగా నేర్చుకున్నవాళ్లు తిరగబడిన ఫొటోలో దీన్ని ధీమాగా తప్పు చదివి, లేని పదం కోసం నిఘంటువంతా గాలిస్తారు.

అయితే తిరగబడిన ప్రతి అక్షరమూ తప్పు కాదు. ముద్ర వేయడానికి చేసిన ఉంగరం మీద అక్షరాలను కావాలనే అద్దపు వరుసలో చెక్కుతారు, లక్క మీద ఒత్తితే అవి తిన్నగా పడాలి కాబట్టి. పాత ముద్ర ఉంగరం ఫొటో అయితే బొమ్మను కంప్యూటర్లో అడ్డంగా తిప్పి చదవడమే సరైన పని.

ఏ భాష?

దిశ తేలాక భాష తేలాలి. చైనీస్, జపనీస్ రెండింటికీ ఉమ్మడిగా వేల అక్షరాలున్నాయి. ఒక్కో అక్షరానికి ఒక్కో అర్థం ఉన్న ఆ చైనా అక్షరాలను జపాన్‌లో కంజి అంటారు. వాటితోపాటు జపనీస్‌లో ధ్వనిని మాత్రమే సూచించే రెండు అక్షరమాలలు ఉన్నాయి: వంపులు తిరిగిన హిరగన, కోసుగా ఉండే కతకన. ఒక వరుసలో హిరగన గానీ కతకన గానీ కనబడిందంటే అది జపనీస్. కొరియన్ లిపిని పోల్చడం ఇంకా తేలిక, చతురస్రంలో ఇమిడిన గీతల మధ్య పూర్తి గుండ్రని సున్నాలు తరచూ కనిపిస్తాయి.

మన వరుసలో మొదటి నాలుగూ కంజి, కుండలీకరణాల్లోని నాలుగూ హిరగన. కనుక ఇది జపనీస్ అనుకుని రాసిందే. ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. చొక్కా మడతలో కుండలీకరణాల భాగం దాగిపోయి 極度乾燥 అన్నంత మేరే ఫొటోలో పడిందనుకోండి. అప్పుడు దాన్ని చైనీస్‌గా కూడా చదవవచ్చు. తైవాన్, హాంకాంగ్‌లలో వాడే సంప్రదాయ చైనీస్‌లో ఆ నాలుగక్షరాలకు "బాగా ఎండిపోయిన" అని అర్థం, చర్మం గురించో వాతావరణం గురించో మామూలుగా వాడే మాట. చైనా ప్రధాన భూభాగంలో వాడే సరళీకృత లిపిలో అయితే మొదటి అక్షరాన్ని 极 అని, మూడోదాన్ని 干 అని రాస్తారు. అంటే నాలుగు అక్షరాలే ఉన్నా, అవి ఏ ప్రాంతపు రాతో కొంతవరకు తేల్చవచ్చు. మడతలో ఏమి దాగిందో తెలియకుండా తుది మాట మాత్రం చెప్పకూడదు. ఇంకో కోణంలో తీసిన ఫొటో సంపాదించడమే మేలు.

ఏ అక్షరం?

ఇప్పుడు అసలు కష్టం మొదలవుతుంది. ఫొటోలోని ప్రతి అక్షరాన్నీ నిఘంటువులో వెతకగల అక్షరంగా మార్చుకోవాలి. నాలుగో కంజిని దగ్గరగా చూద్దాం: 燥. దీని కుడి భాగంలో పైన మూడు చిన్న పెట్టెలు, ఒకటి పైన, రెండు కింద. వాటి కింద చెట్టును సూచించే గుర్తు. ఎడమ భాగంలో నిప్పును సూచించే గుర్తు, 火. మొత్తం పదిహేడు గీతలు. తెలుపు అక్షరాలు నల్ల గుడ్డ మీద అచ్చయి, నాలుగైదు ఉతుకుల తర్వాత పగుళ్లు వచ్చాక తీసిన ఫొటోలో కుడి భాగం ఆకారం ఎలాగోలా తెలుస్తుంది కానీ ఎడమ భాగం మసకబారుతుంది.

ఆ ఎడమ భాగంలోనే అర్థం ఉంది. అదే కుడి భాగానికి ఎడమవైపు నిప్పు బదులు నీటి గుర్తు పెడితే 澡 అవుతుంది, చైనీస్‌లో స్నానం అనే మాటలో వచ్చే అక్షరం. చేతి గుర్తు పెడితే 操, నడపడం, ఆడించడం అనే అర్థం. జపనీస్‌లో వ్యాయామం అనే మాటలో ఇది వస్తుంది. నిప్పుంటే ఎండటం, నీరుంటే స్నానం. మసక ఫొటోలో రెండు చుక్కలు అటూ ఇటూ అయితే అర్థం పూర్తిగా ఎదురు తిరుగుతుంది.

ఎడమ పక్కనున్న ఇలాంటి అర్థసూచక భాగాన్ని ఇంగ్లీషులో రాడికల్ అంటారు, మనం మూలగుర్తు అందాం. 1716లో చైనాలో పూర్తయిన కాంగ్‌షీ నిఘంటువు అక్షరాలన్నిటినీ 214 మూలగుర్తుల కింద అమర్చింది. అందులో నీరు 85వది, నిప్పు 86వది. నేటి నిఘంటువులూ చాలావరకు ఆ వరుసనే పాటిస్తున్నాయి. jisho.org అనే ఉచిత జపనీస్ నిఘంటువులో ఈ పద్ధతి చేతికి అందేలా ఉంది. అక్షరం పేరు, పలుకుబడి ఏమీ తెలియకపోయినా, అందులో కనిపించే భాగాలను ఒక్కొక్కటే నొక్కుతూ పోతే, ఆ భాగాలన్నీ ఉన్న అక్షరాలు మాత్రమే మిగులుతాయి. నిప్పు, పెట్టె, చెట్టు అని మూడు నొక్కితే జాబితా బాగా కుదించుకుపోతుంది. ఆ సైటు వెనక ఉన్న పదకోశం ఆస్ట్రేలియాలోని మొనాష్ విశ్వవిద్యాలయానికి చెందిన జిమ్ బ్రీన్ 1991లో మొదలుపెట్టిన కృషి. ఫోన్ కీబోర్డులో చేతిరాత ఎంపిక పెట్టుకుని వేలితో గీసినా అక్షరం దొరుకుతుంది, గీతల వరుస కాస్త అటూ ఇటూ అయినా.

అక్షరం సరిగ్గా పోల్చామో లేదో తేల్చే పరీక్ష పక్క అక్షరం దగ్గర ఉంటుంది. 乾 పక్కన 燥 వస్తే ఒక పదం ఏర్పడుతుంది, కన్సో అని పలుకుతారు, ఎండటం అని అర్థం. 乾 పక్కన 澡 గానీ 操 గానీ పెడితే అలాంటి పదం నిఘంటువులో లేదు. కనుక మసకలో కనబడని నిప్పును పక్క అక్షరమే చూపిస్తుంది. ఫోన్ కెమెరాతో అనువదించే యాప్‌లు కూడా మొదట అక్షరాలను పోల్చి, ఆ తర్వాతే అనువదిస్తాయి. మొదటి దశలో నిప్పును నీరుగా చదివితే రెండో దశ ఆ నీటినే నమ్ముకుని వాక్యం అల్లుతుంది. వచ్చిన వాక్యం సాఫీగా ఉన్నంత మాత్రాన అక్షరాలు సరిగ్గా పోల్చినట్టు కాదు. అందుకే యాప్ పోల్చిన అక్షరాలను తెర మీద పెద్దవి చేసుకుని, ఫొటోలోని అక్షరాలతో ఒక్కొక్కటిగా సరిచూసుకోవాలి.

ఎవరు ఎవరితో అనే మాట?

అక్షరాలన్నీ తేలాక పదాలుగా విడగొడదాం. 極度, క్యొకుదొ, అంటే అత్యంత తీవ్రత. 乾燥, కన్సో, అంటే ఎండటం లేదా ఆరబెట్టడం. しなさい, షినసాయ్, అంటే చెయ్యి అనే ఆజ్ఞ.

చివరిదానికి నిఘంటువు "చెయ్యి" అని చెప్పి ఊరుకుంటుంది. ఆ ఆజ్ఞ ఏ నోట వస్తుందో కూడా తెలిస్తేనే అర్థం పూర్తవుతుంది. జపనీస్‌లో నసాయ్‌తో ముగిసే ఆజ్ఞను అమ్మ పిల్లవాడితో అంటుంది: తిను, పడుకో, చదువుకో. ఉపాధ్యాయుడు విద్యార్థులతో అంటాడు. పరీక్ష ప్రశ్నపత్రాల్లో కూడా అదే రూపం ఉంటుంది, మన ప్రశ్నపత్రాల్లో "వ్రాయుము" అన్నట్టు. పెద్దవాళ్లతోనో ముక్కూ మొహం తెలియనివాళ్లతోనో అనరు. అంటే టీషర్టు మీద ఆ ముక్క ఎదుటివాణ్ణి పిల్లవాడిలా చూసి ఆజ్ఞాపిస్తోంది.

మరి ఆ కుండలీకరణాలు ఎందుకు? ఈ వరుస ఎలా పుట్టిందో వాటిలోనే ఉంది. ఇంగ్లీషులో డ్రై అన్న మాట విశేషణమూ అవుతుంది, క్రియా అవుతుంది. తెలుగులో అయితే "పొడి" వేరు, "ఆరబెట్టు" వేరు. జపనీస్‌లోనూ అంతే, తేడా చూపించి తీరాలి. ఒంటరిగా ఇచ్చిన ఇంగ్లీషు మాట గుణాన్ని చెబుతోందో ఆజ్ఞ ఇస్తోందో పాతకాలపు అనువాద సాఫ్ట్‌వేరుకు తెలిసే దారి లేదు. అలాంటప్పుడు నామవాచకాన్ని బయట ఉంచి, ఆజ్ఞ అయితే ఇది కలుపుకోమని మిగతాదాన్ని కుండలీకరణాల్లో పెట్టడం దానికి సహజం. చదివే మనిషి ఆ రెండింటిలో ఒకటి ఎంచుకోవాలి. ఇక్కడ ఎవరూ ఎంచుకోలేదు, తెర మీద వచ్చింది వచ్చినట్టే గుడ్డ మీదికి ఎక్కింది. తమ జపనీస్ మాటలు యాంత్రిక అనువాదం నుంచి తీసుకున్నవేనని కంపెనీ 2011లో ఒక జపాన్ టీవీ బృందానికి చెప్పింది కూడా. జపాన్‌లో టీషర్టుల మీద అర్థంతో పని లేకుండా ఇంగ్లీషు మాటలు అలంకారంగా వాడినట్టే తామూ వాడామన్నది వాళ్ల వాదన.

ఇది తెలిశాక మనకు ఒక గుర్తు దొరుకుతుంది. అలంకారంగా అచ్చేసిన మాటలో కుండలీకరణం, గీటు, నక్షత్రం గుర్తు, క్రియ మూలరూపం లాంటి నిఘంటువు సామాను కనబడితే, ఆ మాటను భాష తెలిసిన మనిషి రాయలేదని అనుమానించవచ్చు.

ఆ మాట అక్కడ ఎక్కడ కనబడుతుంది?

నిఘంటువు పని ఇక్కడితో అయిపోయింది. ఇక్కడ ఆగితే "చాలా పొడిగా" అని రాసుకుని తృప్తి పడిపోతాం. అసలు పరీక్ష దీని తర్వాతే మొదలవుతుంది: ఆ భాష మాట్లాడేవాళ్లు ఆ మాటను ఎక్కడ రాస్తారు?

కన్సో అనే పదాన్ని జపాన్‌లో వెతకండి. బట్టలు ఉతికే యంత్రం మీద ఆరబెట్టే మీట పక్కన ఉంటుంది. పొడి చర్మానికి రాసే క్రీముల డబ్బాల మీద ఉంటుంది. చలికాలంలో గాలి బాగా పొడిబారి నిప్పంటుకునే ప్రమాదం ఉన్నప్పుడు జపాన్ వాతావరణ సంస్థ ఇచ్చే హెచ్చరిక పేరులో ఉంటుంది. ఎండబెట్టిన తిండిపదార్థాల ప్యాకెట్ల మీద ఉంటుంది. ఆ పదం వినగానే జపాన్‌వాళ్ల మనసులో మెదిలేవి ఇవి.

ఇప్పుడు రెండోవైపు నుంచి వద్దాం. సూపర్‌డ్రై అని జపనీస్‌లో చెప్పాలంటే ఎలా చెబుతారు? ఈ ప్రశ్నకు జవాబు జపాన్‌లో అందరికీ తెలుసు. అసాహి కంపెనీ 1987లో సూపర్ డ్రై అనే పేరుతోనే ఒక బీరు తెచ్చింది, అది దేశమంతా పాకింది. దాని పేరును జపనీస్‌లో スーパードライ అని, ఇంగ్లీషు ధ్వనిని ఉన్నదున్నట్టు కతకనలో రాస్తారు. మనం "సూపర్ మార్కెట్" అని తెలుగు లిపిలో రాసుకున్నట్టే. అక్కడ డ్రై అంటే తీపి తగలకుండా ఘాటుగా ఉండే రుచి, ఆరిన బట్ట కాదు. ఇంగ్లీషు మాట ఒకటే, జపనీస్‌లో రుచికి ఒక మాట, బట్టలకు ఇంకో మాట. టీషర్టు మీదికి వచ్చింది బట్టల మాట.

ఈ పరీక్షను ఎవరైనా చేయవచ్చు. పోల్చుకున్న అక్షరాల వరుసను కొటేషన్ గుర్తుల మధ్య పెట్టి వెతకాలి, అలా పెడితే ఆ వరుస యథాతథంగా ఉన్న పేజీలే వస్తాయి:

```
"極度乾燥しなさい"
"乾燥機"
```

మొదటిదానికి వచ్చే పేజీలు ఆ బ్రాండు చుట్టూనే తిరుగుతాయి. రెండోది ఆరబెట్టే యంత్రం పేరు, దానికి దుకాణాలు, వాడకం సూచనలు, ధరలు వస్తాయి. బతికున్న మాటకు అన్ని రకాల పేజీల్లోనూ చోటుంటుంది. ఒక సరుకు మీద తప్ప ఎక్కడా కనబడని మాట ఆ సరుకు కోసం తయారైన మాటే. వెతుకులాటలో బొమ్మల వరుస కూడా చూడటం మంచిది. వాక్యాలు చదవలేకపోయినా, వచ్చిన బొమ్మలన్నీ ఉతికే యంత్రాలయితే విషయం అర్థమైపోతుంది.

విడివిడిగా ఒప్పు, కలిపితే వేరు

ముక్కల అర్థం కూడితే మొత్తం అర్థం వస్తుందనుకోవడం ఎంత ప్రమాదమో 2019 జనవరిలో ప్రపంచమంతా చూసింది. అమెరికన్ గాయని అరియానా గ్రాండే "సెవెన్ రింగ్స్" అనే తన పాట పేరును జపనీస్‌లో అరచేతి మీద పచ్చబొట్టు పొడిపించుకుని ఫొటో పెట్టింది. అందులో ఉన్నవి రెండక్షరాలు: 七輪. మొదటిది ఏడు. రెండోది వలయం, చక్రం. నిఘంటువు తెరిచి ఒక్కో అక్షరం చూస్తే ఏడు వలయాలే కదా అనిపిస్తుంది. జపనీస్ తెలిసినవాళ్లు మాత్రం చూడగానే షిచిరిన్ అని చదివారు. షిచిరిన్ అంటే బొగ్గుల కుంపటి, చేపలూ మాంసమూ కాల్చుకునే చిన్న కుంపటి.

ఏడు ఉంగరాలు అనాలంటే 七つの指輪 అని ఐదు అక్షరాలు కావాలి. నడుమ ఉన్న మూడు అక్షరాల్లో రెండు వ్యాకరణానికి, ఒకటి వేలు అనే అర్థానికి. నొప్పి భరించలేక ఆ మధ్య మూడింటినీ వదిలేశానని ఆమె తర్వాత చెప్పింది. రెండక్షరాలు పక్కపక్కన చేరి ముందే ఇంకో వస్తువుకు పేరై కూర్చున్నాయని నిఘంటువులో విడి అక్షరాలు చూసేవాళ్లకు తెలియదు. రెండింటినీ కలిపి ఒకే పదంగా వెతికి ఉంటే మొదటి వరుసలోనే కుంపటి కనబడేది. అందుకే వెతికేటప్పుడు మొదట మొత్తం వరుసను, దొరకకపోతే రెండేసి అక్షరాలను, చివరగా ఒక్కో అక్షరాన్ని వెతకాలి. ఈ క్రమాన్ని తలకిందులు చేస్తేనే తప్పులు దొర్లుతాయి.

లాకెట్టు మీద అరబిక్

నగల మీది రాతలో ఇంకో రకం తప్పు వస్తుంది. అక్కడ పదం సరైనదే, భాష సరైనదే, చెక్కడానికి వాడిన సాఫ్ట్‌వేరుకు లిపి నియమం తెలియదు. అరబిక్ అక్షరాలు కుడి నుంచి ఎడమకు సాగుతూ ఒకదానితో ఒకటి కలుస్తాయి. ఒక్కో అక్షరానికి విడిగా ఒక రూపం, పదం మొదట్లో ఒకటి, మధ్యలో ఒకటి, చివర ఒకటి ఉంటాయి. ఈ నియమాలు తెలియని పాత సాఫ్ట్‌వేరు అక్షరాలను విడి రూపాల్లో, ఎడమ నుంచి కుడికి పేర్చేస్తుంది. చెక్కేవాళ్లకు లిపి రాకపోతే అది అలాగే వెండి మీదికి ఎక్కుతుంది.

శాంతి అనే అర్థం గల సలామ్ అనే మాటనే తీసుకోండి: سلام. ఇందులో సీన్, లామ్, అలిఫ్, మీమ్ అని నాలుగు అక్షరాలున్నాయి. కానీ కంటికి కనబడేవి రెండు ముక్కలే. కుడివైపు ముక్కలో మొదటి మూడక్షరాలు అతుక్కుని ఉంటాయి. అలిఫ్ తన తర్వాతి అక్షరంతో కలవదు కాబట్టి మీమ్ ఎడమవైపు ఒంటరిగా నిలుస్తుంది. సీన్‌ను పోల్చడం తేలిక, వరుసగా మూడు చిన్న పళ్లు ఉంటాయి. పదం మొదట్లో ఉన్నప్పుడు పళ్లు మాత్రమే ఉంటాయి. విడిగా రాసినప్పుడు ఆ పళ్ల చివర గిన్నెలాంటి పెద్ద వంపు కూడా ఉంటుంది.

ఇక లాకెట్టు ఫొటో చూడండి. రెండు ముక్కలు, పళ్లు కుడి చివర, వాటికి గిన్నె లేదు, అంటే రాత సరిగ్గా ఉంది. నాలుగు ముక్కలు, పళ్లు ఎడమ చివర, వాటికి గిన్నె ఉంది, అంటే సాఫ్ట్‌వేరు చెడగొట్టింది. అరబిక్ ఒక్క ముక్క రాకపోయినా ఈ మూడు గుర్తులతో తేల్చేయవచ్చు. ఫొటో అద్దంలో తిరగబడితే పళ్లు ఎడమకు రావచ్చు, కానీ ముక్కలు రెండే ఉంటాయి. చెడిన రాతనూ తిరగబడిన ఫొటోనూ వేరు చేసేది ముక్కల లెక్కే.

అక్షరాలు విడివిడిగా ఉన్నాయని చూసి ప్రతిదాన్నీ తప్పు అనకూడదు. అలిఫ్‌తో కలిపి, తర్వాతి అక్షరంతో కలవనివి అరబిక్‌లో ఆరు ఉన్నాయి. ورد అనే మాటలో మూడక్షరాలూ ఆ కోవవే, కాబట్టి మూడూ విడిగానే నిలబడతాయి. దాని అర్థం గులాబీలు, నగల మీద తరచూ కనబడే మాటే.

హైదరాబాద్‌లో ఉర్దూ బోర్డులు రోజూ చూసేవాళ్లకు ఈ కలయిక కళ్లకు అలవాటే. తెలుగు మాత్రమే చదివేవాళ్లకు కూడా ఇది కొత్త కాదు. ఫ్లెక్సీల మీద ఒత్తులు ఊడిపోయి, పొల్లులు బయటపడి "లక్ష్మి" కాస్తా "లక్‌ష్‌మి" అయిన రాతలు మనం చూస్తూనే ఉంటాం. అక్షరాలను కలిపే పని సాఫ్ట్‌వేరు చేయకపోవడమే అక్కడా కారణం. విదేశాల్లో ఉన్న తెలుగువాళ్లు పాప పేరును తెలుగులో లాకెట్టు మీద చెక్కించుకునేటప్పుడు ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. పేరును టైపు చేసి పంపితే అవతలి యంత్రం దాన్ని ఎలా కలుపుతుందో తెలియదు. ఒత్తులన్నీ సరిగ్గా ఉన్న బొమ్మగా పంపి, చెక్కడానికి ముందు వాళ్ల తెర మీద కనబడే నమూనా ఫొటో తెప్పించుకుని చూసుకోవాలి.

తేలనివి, తేల్చగలిగినవాళ్లు

ఎంత పరీక్షించినా కొన్ని తేలవు. మనుషుల పేర్లను చైనా అక్షరాల్లో ధ్వని కోసం రాస్తే అక్షరాల అర్థాలు కూడి లాభం లేదు. పాత ముద్రల లిపిలో చెక్కిన అక్షరాలు నేటి రూపాలకు దూరంగా ఉంటాయి, వాటిని అక్కడివాళ్లే చాలామంది చదవలేరు. ఇక అన్ని అక్షరాలూ పదాలూ సరిగ్గా ఉన్నా, అది ఏ తరహా రాతో తెలియక బోల్తా పడటం కూడా ఉంది. జర్మనీలోని మాక్స్ ప్లాంక్ సొసైటీ 2008లో తన పరిశోధన పత్రిక చైనా ప్రత్యేక సంచిక ముఖచిత్రంగా చక్కని చైనీస్ రాత అచ్చేసింది. ముందే చైనీస్ చదువుకున్న ఒక పండితుడికి చూపించారు కూడా. తీరా అది అమ్మాయిల ఆటపాటలను ఊరించే క్లబ్బు ప్రకటనలాంటి రాత అని చైనీస్ పాఠకులు పోల్చారు. సంస్థ క్షమాపణ చెప్పి ముఖచిత్రం మార్చింది. మాటల పై అర్థం ఒకటి, చదివేవాళ్లకు తట్టే అర్థం ఇంకొకటి.

ఆ రెండో అర్థాన్ని ఆ భాషలో పెరిగినవాళ్లే చెప్పగలరు. కాకపోతే వాళ్లను అడిగే తీరులోనే జవాబు చెడిపోవచ్చు. "దీని అర్థం ఏడు ఉంగరాలే కదా?" అని అడిగితే మర్యాదకు "అలాగే అనుకోవచ్చు" అంటారు, మన మాటనే తిరిగి మనకు అప్పజెబుతారు. మనం అనుకుంటున్నది చెప్పకుండా, కత్తిరించని ఫొటో మొత్తం చూపించి రెండే ప్రశ్నలు వేయాలి: ఇక్కడ ఏమని చదువుతారు? ఇలాంటి రాత మామూలుగా ఎక్కడ కనబడుతుంది? మొదటి ప్రశ్నతో అక్షరాలు సరిగ్గా పోల్చామో లేదో తేలుతుంది. రెండో ప్రశ్నకు జవాబుగా ఉతికే యంత్రం, కుంపటి, క్లబ్బు లాంటి మాట వస్తే, ఏ నిఘంటువులోనూ దొరకని అర్థం దొరికినట్టే. చొక్కా కొనే ముందో పేరు చెక్కించే ముందో ఆ రెండు ప్రశ్నలూ ఆ భాష వచ్చినవాళ్లలో కనీసం ఇద్దర్ని, ఒకరితో సంబంధం లేకుండా ఇంకొకర్ని, అడగాలి. ఇద్దరూ ఒకే చోటు పేరు చెబితే దాన్ని నమ్మవచ్చు.